కాన్ఫరెన్స్ ఫోటోలో మెడలోని ట్యాగు తాడు తీసి, కింద కాలర్, అంగీ మళ్లీ కట్టడం ఎలా

నల్లగొండలోనైనా, మహబూబ్‌నగర్‌లోనైనా సదస్సుకు వచ్చినవాళ్ల మెడలో ముందు పడేది ట్యాగు. ఆ రోజు తీసిన వందల ఫోటోల్లో ఒక్కటి చక్కగా కుదురుతుంది. ముఖం మీద వెలుగు బాగుంటుంది, చూపు నిలకడగా ఉంటుంది. ఏడాది తర్వాత కాలేజీ వెబ్‌సైటుకో, పుస్తకం వెనక అట్టకో, పదవీ విరమణ ఫ్లెక్సీకో అదే ఫోటో కావాలని స్టూడియోకి వస్తారు. "ఫోటో ఇదే ఉండాలె, ట్యాగు మాత్రం తీసెయ్యన్నా" అంటారు.

తాడును చెరపడానికి పది నిమిషాలు చాలు. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. తాడు కింద ఉన్న బట్టను కెమెరా చూడలేదు కాబట్టి అక్కడ ఏముండాలో మనమే తేల్చాలి. కాలర్ అంచు ఎక్కడ తిరుగుతుంది, కుట్టు అంచుకు ఎంత లోపల ఉంటుంది, గీతలు ఏ వైపుకు పోతాయి అన్నవి దర్జీకి తెలిసినట్టు తెలియాలి. వీటికి ఆధారాలు ఎక్కువగా ఆ ఫోటోలోనే, తాడు పడని రెండో సగంలో దొరుకుతాయి. అందుకే ఇక్కడ ఒకే ఫోటోను మొదటి నుంచి చివరి దాకా తీసుకుని చెబుతున్నాం. సాఫ్ట్‌వేర్ ఫోటోషాప్.

ఫోటో ఇలా ఉంది. నిలువు ఫోటో, 4000 × 6000 పిక్సెళ్లు, తల నుంచి పొట్ట పైభాగం దాకా. తెల్లటి అంగీ మీద సన్నటి నీలం నిలువు గీతలు. మెడలో ఎర్రటి బల్లపరుపు తాడు, దాని చివర కార్డు. వెలుగు మనకు ఎడమ వైపు నుంచి వస్తోంది. ఎడమ వైపు తాడు కాలర్ రెక్క కిందికి జారి, మొన కింది నుంచి బయటికి వచ్చింది. అందువల్ల ఆ రెక్క చెక్కుచెదరలేదు. కుడి వైపు తాడు కాలర్ మీదుగానే దిగింది. రెక్కను అడ్డంగా దాటుతూ నడుమ నొక్కేసింది, మొన కాస్త పైకి లేచింది. ఎడమ, కుడి అని ఎక్కడ అన్నా అది ఫోటో చూసే మన వైపు నుంచే.

పని మొదలుపెట్టే ముందు రెండు ప్రశ్నలు

మొదటిది, ఇదే అంగీతో, అదే రోజు, ట్యాగు లేకుండా ఇంకో ఫోటో ఉందా? భోజనాల దగ్గర తీసినదైనా, ఫోన్లో తీసినదైనా సరే, అడిగి తెప్పించుకోవాలి. దాని నుంచి బట్టను కోసి అతికించలేకపోయినా కాలర్ అసలు ఆకారం, గుండీ రంగు, జేబు ఎత్తు తెలుస్తాయి. ఊహతో గంట కూర్చుని గీసేదాన్ని ఆ ఒక్క ఫోటో నిమిషంలో చూపిస్తుంది.

రెండోది, చివరికి ఫోటో ఎంత వరకు కావాలి? వెబ్‌సైటుకు భుజాల వరకు చాలు అంటే కార్డుకు పైన, రెండో గుండీ దగ్గరే కోసేయవచ్చు. మన ఫోటోలో అలా కోస్తే కార్డు, దాని నీడ, అది కప్పిన గుండీ అన్నీ పోతాయి. సగం పని తగ్గుతుంది. కోత ఎక్కడో తేలకముందే కార్డును తుడవడం మొదలుపెడితే, తర్వాత కోతలో పోయే చోటికి శ్రమంతా పెట్టినట్టవుతుంది. ఈ ఉదాహరణలో పూర్తి ఫోటోయే అడిగారనుకుందాం.

పత్రికలో వార్తగా వేసే ఫోటోకు మాత్రం ఈ పని చేయకూడదు. అక్కడ ట్యాగు ఉండటం కూడా వార్తలో భాగమే.

ఒక అలవాటు గురించి ఇక్కడే చెప్పాలి. పాస్‌పోర్టు ఫోటోలకు రెడీమేడ్ కోటు అతికించినట్టే, ట్యాగు ఉన్న ఫోటోకు కూడా రెడీమేడ్ అంగీ తొడిగేవాళ్లు ఉన్నారు. చిన్న సైజులో అది చెల్లుతుందేమో కానీ పెద్ద ఫోటోలో చెల్లదు. గడ్డం నీడ కాలర్ మీద పడే తీరు, మెడ తిరిగిన కోణం, బట్ట మీద హాలు లైట్ల రంగు, ఈ మూడూ ఆ మనిషివి కావు. చూసినవాళ్లకు కారణం తెలియకపోయినా తల తెచ్చి పెట్టినట్టు ఉందని మాత్రం తెలిసిపోతుంది.

తాడునే స్కేలుగా వాడండి

తీసేయబోయే తాడు మనకు ఒక మేలు చేస్తుంది, ఫోటోలో ఒక మిల్లీమీటరుకు ఎన్ని పిక్సెళ్లో చెబుతుంది. ట్యాగు తాళ్లు ఎక్కువగా 15 లేదా 20 మి.మీ. వెడల్పుతో వస్తాయి. కార్డు కొలత తెలిస్తే దానితో సరిచూసుకోవచ్చు. రూలర్ టూల్ తీసుకుని, తాడు మెలిక పడకుండా కెమెరాకు ఎదురుగా ఉన్న చోట, దాని నడకకు అడ్డంగా కొలవండి. మన ఫోటోలో 20 మి.మీ. తాడు 116 పిక్సెళ్లు వచ్చింది. అంటే మిల్లీమీటరుకు 5.8 పిక్సెళ్లు.

ఇప్పుడు మిగతా కొలతలకు అర్థం వస్తుంది. ఎడమ రెక్క మీద అంచు నుంచి కుట్టు 35 పిక్సెళ్ల లోపల ఉంది, అంటే 6 మి.మీ. నీలం గీతకూ గీతకూ మధ్య 29 పిక్సెళ్లు, అంటే 5 మి.మీ. పైన కనబడే రెండు గుండీల మధ్య 522 పిక్సెళ్లు, అంటే 9 సెం.మీ. ఈ నాలుగు అంకెలను ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి. కొత్తగా కట్టిన కాలర్ మీద కుట్టు 50 పిక్సెళ్ల లోపలికి పోతే, ఏం తప్పో చెప్పలేకపోయినా అది వేరే అంగీలా కనిపిస్తుంది.

ముందు గీతలు గీయండి, తర్వాతే బట్ట

అసలు లేయర్‌ను ముట్టుకోవద్దు. దాని మీద `Ctrl+J`తో నకలు తీయండి. చేసే పని ప్రతిదీ విడి లేయర్‌లో, మాస్కుతో చేయండి. కాలర్‌కు ఒక గ్రూపు, ఛాతీ బట్టకు ఒక గ్రూపు, వెలుగునీడలకు ఒక గ్రూపు ఉంటే సరిపోతుంది.

పెన్ టూల్‌తో మూడు పాత్‌లు గీయాలి. మొదటిది తాడు. దాని రెండు అంచుల వెంట గీసి, బయటికి 5 పిక్సెళ్లు వదలండి. అంచు దగ్గర ఎరుపు, తెలుపు కలిసిన పిక్సెళ్లు ఉంటాయి కాబట్టి అవి కూడా లోపలికి రావాలి. వెలుగు ఎడమ నుంచి వస్తోంది కనుక తాడుకు కుడి పక్కన సన్నటి నీడ పడింది. ఆ వైపు ఇంకో 25 పిక్సెళ్లు కలపండి. ఈ నీడను మరచిపోవడమే అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు. తాడు పోతుంది, గాల్లో ఏదో వేలాడినట్టు ఒక బూడిద గీత మాత్రం మిగులుతుంది.

రెండోది కుడి కాలర్ రెక్క బయటి అంచు, భుజం దగ్గర మడత నుంచి మొన దాకా. తాడు నొక్కిన చోట కనిపించే అంచును అనుసరించవద్దు. అది నొక్కుడు పడిన అంచు. ఎడమ రెక్క అంచు ఎలా వంగిందో చూసి, అదే వంపు ఇటు రావాలి. మూడోది గుండీల పట్టీ అంచు, మెడ దగ్గర నుంచి కింది దాకా. కార్డు కప్పిన చోట పైన, కింద కనబడే ముక్కలను కలుపుతూ ఒకే సాఫీ గీతగా పోవాలి. మూడు పాత్‌లకూ పేర్లు పెట్టి దాచండి. ఎక్కడ ఆగాలో మనకు చెప్పే హద్దులు ఇవే.

ఛాతీ మీది గీతల బట్ట

ముందు తేలికైన చోటు నుంచి మొదలుపెట్టాలి. తాడు ఛాతీ మీద ఏటవాలుగా, V ఆకారంలో దిగుతుంది. గీతలు నిలువుగా ఉన్నాయి. అంటే ప్రతి గీతా తాడుకు పైన ఒక చోట ఆగి, కింద ఇంకో చోట మళ్లీ మొదలవుతుంది. ఆ రెండు కొసలను కలపడమే ఇక్కడి పని.

`Edit > Content-Aware Fill` ఇక్కడ నడవదు. సాదా తెల్ల అంగీ అయితే పనికొస్తుంది కానీ గీతలున్న చోట అది గీతలను లెక్కపెట్టదు. ఒక గీత రెండుగా చీలుతుంది, ఇంకోటి సగంలో ఆగిపోతుంది. దాన్ని సరిచేయడం కంటే చేత్తో కట్టడమే త్వరగా అవుతుంది.

తాడుకు పక్కనే, ముడతలు లేని చోట లాసోతో ఒక పట్టీ తీసుకోండి. తాడు కంటే కొంచెం వెడల్పుగా, 300 నుంచి 400 పిక్సెళ్ల పొడవుగా ఉండాలి. `Ctrl+J` కొట్టి తాడు మీదికి జరపండి. జరిపే దూరం పక్కకు సరిగ్గా 29 పిక్సెళ్లు గానీ, దాని గుణిజాలు గానీ ఉండాలి. అప్పుడే గీత మీద గీత కూర్చుంటుంది. తర్వాత `Edit > Transform > Warp` తీసుకుని, పై కొసనూ కింది కొసనూ అసలు గీతలకు కలిసేదాకా మెల్లగా వంచండి. ఛాతీ గుండ్రంగా ఉంటుంది కాబట్టి చంక వైపు పోయేకొద్దీ గీతలు దగ్గరవుతాయి. అందుకే పెద్ద ముక్క ఒకటి పెట్టడం కంటే చిన్న ముక్కలు మూడు నాలుగు పెట్టడం మేలు. మన ఫోటోలో ఎడమ వైపు తాడుకు మూడు ముక్కలు, కుడి వైపుకు నాలుగు పట్టాయి.

మాస్కు అంచు విషయంలో చాలామంది పొరబడతారు. మెత్తటి పెద్ద బ్రష్‌తో అంచులను కలిపేస్తారు. సాదా బట్టకు అది బాగుంటుంది. గీతల బట్టలో పాత గీత, కొత్త గీత రెండు పిక్సెళ్లు తేడా వచ్చినా మెత్తటి అంచులో రెండూ సగం సగం కనబడి, అక్కడ గీత మసకబారి లావెక్కుతుంది. దూరం నుంచి చూస్తే తాడు ఉన్న దారంతా ఒక పొగచారలా తెలుస్తుంది. కాబట్టి మాస్కు నిలువు హద్దులను గీతల మధ్య తెల్లటి చోటనే పోనివ్వండి, ఒకటి రెండు పిక్సెళ్ల మెత్తదనం చాలు. గీతను అడ్డంగా కోయక తప్పని చోట కోతలన్నీ ఒకే వరుసలో కాకుండా ఒకటి పైకి, ఒకటి కిందికి ఉండాలి.

హీలింగ్ బ్రష్‌ను ఎరుపు పూర్తిగా కప్పబడిన తర్వాతే వాడండి. అది చుట్టూ ఉన్న రంగును లోపలికి లాక్కుంటుంది. ఎరుపు అంచు ఒక్క పిక్సెల్ మిగిలి ఉన్నా గులాబీ మరక తెల్ల బట్ట మీద పాకుతుంది. ముందు క్లోన్ స్టాంప్‌తో కప్పాలి, తర్వాత కావాలంటే హీలింగ్.

గుండీ, గుండీల పట్టీ

కార్డు కింద మూడో గుండీ పోయింది. పైన ఉన్న రెండో గుండీ నుంచి పట్టీ వెంట 522 పిక్సెళ్లు కిందికి కొలిచి ఒక గైడ్ గీత పెట్టండి. రెండో గుండీని చుట్టూ కొంత బట్టతో సహా కోసి అక్కడ ఉంచండి. ఎక్కువగా తిప్పవద్దు, అద్దంలో చూసినట్టు ఎడమ కుడి మార్చవద్దు. గుండీ మీది మెరుపు, కింద పడే నీడ వెలుగు వైపును చెబుతాయి. రెండు మూడు డిగ్రీలు మాత్రం తిప్పితే నకలులా కనిపించదు. చేత్తో పెట్టుకున్న గుండీలు ఏ రెండూ ఒకే కోణంలో ఉండవు.

దీనితోపాటు కాజా కూడా చూసుకోవాలి. పట్టీ మీది కాజాలు నిలువుగా ఉంటాయి, కాలర్ బ్యాండు మీది కాజా అడ్డంగా ఉంటుంది. పై గుండీని తెచ్చి కింద పెడితే అడ్డ కాజా పట్టీ మధ్యలో ప్రత్యక్షమవుతుంది. దర్జీ పని తెలిసినవాళ్లు దాన్ని వెంటనే పడతారు.

కాలర్ కుడి రెక్క

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. తాడు కాలర్ మీదుగా పోయినప్పుడు అది బట్టను కప్పడంతో ఆగదు, దాని ఆకారాన్నే మారుస్తుంది. తాడు పడిన చోటు మాత్రం నింపి ఊరుకుంటే, నడుమ నొక్కుకుపోయి మొన పైకి లేచిన కాలర్ మిగులుతుంది. తాడు లేదు కానీ తాడు నొక్కిన గుర్తు ఉంటుంది. అందుకే బయటి అంచును మొత్తంగా, మడత నుంచి మొన దాకా మార్చాలి. మెడ దగ్గరి పై మడత, బ్యాండు, పై గుండీ మాత్రం అసలువే ఉంచాలి.

ముక్క ఎక్కడి నుంచి తేవాలి? ఛాతీ బట్ట నుంచి తేవద్దు. కాలర్‌ను విడిగా కత్తిరించి కుడతారు కాబట్టి దాని మీది గీతల దిక్కు వేరు. గీతల అంగీల్లో ఎక్కువగా అవి రెక్క ముందు అంచు వెంటే కిందికి దిగుతాయి. కొందరు దర్జీలు అడ్డంగానూ వేస్తారు. మన ఫోటోలో ఎలా ఉందో ఎడమ రెక్క చూపిస్తుంది. పైగా కాలర్‌లో బకరం ఉంటుంది, అందువల్ల బట్ట బిర్రుగా, ముడతలు లేకుండా నిలుస్తుంది. ఛాతీ బట్ట మెత్తగా ఉంటుంది. ఆ మెత్తదనాన్ని కాలర్ మీదికి తెస్తే ఉతికి ఇస్త్రీ చేయని కాలర్‌లా కనిపిస్తుంది.

కాబట్టి ఎడమ రెక్కే మనకు మూలం. దాన్ని పెన్ టూల్‌తో అంచు మీదే కచ్చితంగా గీసి, `Ctrl+Enter`తో సెలెక్షన్ చేసి, 1 పిక్సెల్ `Feather` ఇచ్చి, `Ctrl+J` కొట్టండి. తర్వాత `Edit > Transform > Flip Horizontal`. ఇప్పుడది కుడి రెక్క అయింది.

దాన్ని అలాగే తెచ్చి కూర్చోబెట్టకూడదు. మనిషి కెమెరాకు పూర్తిగా ఎదురుగా లేడు, కొద్దిగా పక్కకు తిరిగి ఉన్నాడు. పై గుండీ మధ్య నుంచి మెడ పక్కన కాలర్ మడత దాకా రెండు వైపులా కొలవండి. మన ఫోటోలో ఎడమ 410, కుడి 377 పిక్సెళ్లు వచ్చాయి. అంటే కుడి వైపు సుమారు 92 శాతం. తెచ్చిన రెక్కను వెడల్పులో మాత్రం 92 శాతానికి తగ్గించండి, ఎత్తును ముట్టుకోవద్దు. పై మడత గీతకు ఆనేలా తిప్పి, ఇందాక గీసిన పాత్‌కు అంచు తాకేలా వార్ప్ చేయండి. మొన పాత్ కొస మీద కూర్చోవాలి. కుట్టు అంచుకు 33 నుంచి 35 పిక్సెళ్ల లోపల ఉండాలి. వార్ప్‌లో అంచును లాగి కుట్టును మరచిపోతే ఆ దూరం ఒక చోట 40, ఇంకో చోట 25 అవుతుంది. వంకర కుట్టు కన్ను దాటిపోదు.

ఇక వెలుగు. ఎడమ రెక్క వెలుగు వైపున ఉంది, కుడిది నీడ వైపున. `Info` ప్యానెల్‌లో `Lab` విలువలు పెట్టుకుని చూడండి. తెచ్చిన రెక్క మీద `L` 88 ఉంది. కుడి రెక్కలో మిగిలిన అసలు బట్ట మీద 79 ఉంది. ఒక కర్వ్స్ లేయర్ పెట్టి, `Ctrl+Alt+G`తో దాన్ని రెక్కకే పరిమితం చేసి, మధ్య భాగాన్ని 79 వచ్చేదాకా దించండి.

అంత చేసినా ఏదో కుదరనట్టే ఉంటుంది. కారణం అంచు. కాలర్ అంచుకు మందం ఉంటుంది. ఎడమ రెక్క బయటి అంచు వెలుగుకు ఎదురుగా ఉండటం వల్ల దాని మీద సన్నటి తెల్ల మెరుపు పడింది. తిప్పి తెచ్చాక ఆ మెరుపు కుడి రెక్క బయటి అంచు మీదికి వచ్చింది. అంటే వెలుగు కుడి నుంచి కూడా వస్తున్నట్టయింది. రెండు కర్వ్స్ లేయర్లు తీసుకోండి, ఒకటి ముదురు, ఒకటి లేత, రెండింటికీ నల్లటి మాస్కు. 8 నుంచి 10 పిక్సెళ్ల బ్రష్, `Flow` 6 శాతం. ముదురు లేయర్‌లో బయటి అంచు మెరుపును అణచండి. లేత లేయర్‌లో గుండీల వైపు ఉన్న ముందు అంచును కొంచెం ఎత్తండి. పది పన్నెండు గీతల తర్వాత రెక్క తన వైపు తిరిగినట్టు కనిపిస్తుంది. ఈ పనంతటిలో ఎక్కువ తేడా తెచ్చేది ఈ అంచే.

తిప్పి తేవడం చెల్లని బట్టలు కూడా ఉన్నాయి. జీన్స్ లాంటి ఏటవాలు నేతలో గీతలు రెండు రెక్కల మీదా ఒకే దిక్కుకు పోతాయి. తిప్పితే ఒక రెక్క మీద దిక్కు మారిపోతుంది. అలాగే గుండీల పట్టీని, జేబును ఎప్పుడూ తిప్పి తేవద్దు. మగవాళ్ల అంగీలో కాజాల వైపు, జేబు, రెండూ తొడుక్కున్నవాళ్ల ఎడమ పక్కన ఉంటాయి. తిప్పితే అవి కుడికి పోతాయి.

మెడ పక్కన, కాలర్ కింద

కుడి వైపు తాడు కాలర్ మడత మీదుగా మెడ వెనక్కి పోయింది. అక్కడ చర్మానికీ కాలర్‌కూ మధ్య 80 పిక్సెళ్లంత చోటు తేలుతుంది. ముందు కాలర్ మడత గీతను ఇరువైపులా ఉన్న ముక్కలతో కలిపి, తర్వాత మెడ చర్మాన్ని పై నుంచి క్లోన్ చేయండి. కాలర్ లోపలికి పోయే చోట చర్మం ముదురు అవుతుంది. ఆ ముదురు వేయకపోతే కాలర్ మెడకు అతికించినట్టు ఉంటుంది.

కొత్త రెక్క ఛాతీ మీద నీడ వేయాలి. రెక్క లేయర్ కింద `Multiply` మోడ్‌లో ఖాళీ లేయర్ పెట్టండి. రంగుగా నలుపు వద్దు, ఎడమ రెక్క కింద ఉన్న అసలు నీడ నుంచి రంగు తీసుకోండి. అది నీలం కలిసిన బూడిద రంగు. నీడ ఒకే మందంగా ఉండదు. మడత దగ్గర కాలర్ బట్టకు ఆనుకుని ఉంటుంది కనుక నీడ సన్నగా, పదునుగా ఉంటుంది. మొన దగ్గర కొంచెం లేచి ఉంటుంది కనుక వెడల్పై మెత్తబడుతుంది. రెండు బ్రష్‌లతో విడివిడిగా వేసి, లేయర్ `Opacity` 30 శాతం దగ్గర మొదలుపెట్టి ఎడమ వైపుతో పోల్చండి. `Drop Shadow` పెడితే అంచంతా ఒకే మందంలో నీడ వచ్చి, కాగితం కత్తిరించి అతికించినట్టు అవుతుంది.

ఎర్రటి చాయ, నొక్కుడు గుర్తులు

తాడు పోయింది కానీ దాని రంగు పోలేదు. తెల్ల బట్ట మీద ఎర్ర తాడు పక్కన సన్నటి గులాబీ చాయ ఉంటుంది, గడ్డం కింద కూడా ఒక్కోసారి కనిపిస్తుంది. `Info` ప్యానెల్‌లో `a` విలువ చూడండి. దూరంగా ఉన్న బట్ట మీద 0 దగ్గర ఉంటే, తాడు పక్కన 4 లేదా 5 ఉంటుంది. `Color` మోడ్‌లో ఖాళీ లేయర్ పెట్టి, పక్కనున్న శుభ్రమైన బట్ట రంగు తీసుకుని, మెత్తటి బ్రష్‌తో `Flow` 10 శాతంతో నెమ్మదిగా పూయండి. నీలం గీతల మీద పూయవద్దు, వాటి నీలం పోయి బూడిద రంగు తేలతాయి.

కార్డు బరువుకు అంగీ కిందికి లాగబడి, భుజం నుంచి ఏటవాలు ముడతలు పడతాయి. అన్నిటినీ తీయనక్కరలేదు. చేయి కదిపినా, కూర్చున్నా ముడతలు పడతాయి, అవి సహజం. తాడు దారి వెంట సాగే ముడత ఒక్కటే ద్రోహి. ఒక పక్క మెరుపు, ఒక పక్క నీడ ఉన్న కాలువలా ఉంటుంది. ఇందాకటి లేత, ముదురు కర్వ్స్‌తోనే మెరుపును తగ్గించి, నీడను ఎత్తితే కాలువ పూడుతుంది.

అంగీ పోచంపల్లిదైతే

మన జిల్లాల్లో సభలకు ఇక్కత్ అంగీలతో వచ్చేవాళ్లు చాలామంది. భూదాన్ పోచంపల్లి, పుట్టపాక బట్టకు పైన చెప్పిన పద్ధతి కొంత మారుతుంది. ఇక్కత్‌లో దారాన్ని ముందే కట్టి, రంగులో ముంచి, తర్వాత నేస్తారు. నేతలో దారాలు అటూ ఇటూ కొంచెం జరుగుతాయి కాబట్టి డిజైన్ అంచు పదునుగా ఉండదు, ఈక చివరలా చెదురుతుంది. ఆ చెదురు ఏ దారాన్ని కట్టి రంగు వేశారో ఆ దారం వెంటే ఉంటుంది. పడుగును కట్టిన బట్టలో నిలువుగా, పేకను కట్టిన బట్టలో అడ్డంగా, రెండూ కట్టిన తేలియా రుమాల్ రకంలో రెండు వైపులా.

అందువల్ల ముక్కను తొంభై డిగ్రీలు తిప్పి వాడితే చెదురు దిక్కు మారి నేత అబద్ధమవుతుంది. ఒకే పువ్వును నాలుగు చోట్ల పెడితే నకలు అని తెలిసిపోతుంది. నేతలో ఏ రెండు పువ్వులూ ఒక్కలా చెదరవు. కనీసం మూడు వేర్వేరు పువ్వుల నుంచి ముక్కలు తీసుకోండి. కాలర్ రెక్కను తిప్పి తెచ్చినప్పుడు కూడా డిజైన్ రెండు వైపులా అచ్చం అద్దంలో చూసినట్టు రాకుండా, తెచ్చిన రెక్క మీద ఒకటి రెండు పువ్వులను వేరే చోటి నుంచి తెచ్చి మార్చాలి. ఒక్క సౌలభ్యం ఉంది. మెత్తటి మాస్కు అంచు ఇక్కడ చెదురులో కలిసిపోతుంది, గీతల బట్టలో లాగా పట్టివ్వదు.

గరుకు కలపడం, చూసుకోవడం

ఫంక్షన్ హాల్లో తక్కువ వెలుగులో, ఎక్కువ ఐఎస్ఓతో తీసిన ఫోటోలో గరుకు ఉంటుంది. వార్ప్ చేసిన ప్రతి ముక్కలో ఆ గరుకు కొంత నున్నబడుతుంది. 200 శాతంలో చూస్తే అసలు బట్ట ఇసుకలా, కొత్త ముక్క మైనంలా ఉంటుంది. అన్ని లేయర్ల పైన 50 శాతం బూడిద రంగు లేయర్‌ను `Overlay`లో పెట్టి, `Filter > Noise > Add Noise`లో `Gaussian`, `Monochromatic` ఎంచుకుని, 2 నుంచి 4 శాతం ఇచ్చి, మాస్కుతో కొత్త చోట్లకే పరిమితం చేయండి. గరుకు గింజ అసలు దానికంటే సన్నగా ఉంటే ఆ లేయర్‌కు 0.4 పిక్సెల్ గౌసియన్ బ్లర్ ఇస్తే సరిపోతుంది.

దాగిన తప్పులు పట్టడానికి పైన ఇంకో కర్వ్స్ లేయర్ పెట్టి, గీతను రంపంలా పైకి కిందికి వంచండి. 0 దగ్గర 0, 64 దగ్గర 255, 128 దగ్గర 0, 192 దగ్గర 255, 255 దగ్గర 0. ఫోటో చూడటానికి భయంకరంగా ఉంటుంది కానీ మామూలుగా కనబడని వెలుగు తేడాలన్నీ పట్టీల్లా బయటపడతాయి. తాడు దారి ఇంకా V లా తెలుస్తోందంటే ఆ చోట్లను కర్వ్స్‌తో సరిచేసి, ఈ పరీక్ష లేయర్‌ను తీసేయండి. తర్వాత `Image > Image Rotation > Flip Canvas Horizontal` కొట్టి ఫోటోను అద్దంలో చూసినట్టు ఒకసారి చూడండి. గంటల తరబడి చూసి అలవాటుపడిన కంటికి కాలర్ ఒక వైపు కిందికి జారి ఉందా, మొనలు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయా అన్నది అప్పుడు తెలుస్తుంది. మళ్లీ వెనక్కి తిప్పడం మరచిపోవద్దు.

లేయర్లున్న ఫైలును `PSD`గా దాచి, ఇచ్చేదానికి `sRGB`లో `JPEG` తీయండి. ఫ్లెక్సీకి అడిగితే అదే సైజులో ఇవ్వండి. అట్టకైతే ముందు 4 × 6 అంగుళాల ప్రింటు ఒకటి తీసి, కిటికీ వెలుగులో, చేయి చాచినంత దూరంలో పట్టుకుని కుడి కాలర్ మొన కింద నీడను చూడండి. తెర మీద సరిపోయిన నీడ ప్రింటులో ఒక్కోసారి ముదురుగా వస్తుంది. అలా వస్తే నీడ లేయర్‌ను 30 నుంచి 24 శాతానికి దించి మళ్లీ ప్రింటు తీయాలి.